మూడు–సున్నా

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆదివారం గుడినుంచి వస్తూ, నా నోటికి కళ్ళెం వెయ్యమని దేవుణ్ణి అడిగానే అనేది. దేవుడు ఆ ఒక్క ప్రార్థనా వినలేదు. టెక్కలి కాలేజీలో పద్నాలుగేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను. నా క్లాసులో దగ్గడానికి కూడా పిల్లలు భయపడేవారు. అది క్రమశిక్షణ అనుకుని మురిసిపోయేదాన్ని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేదానికి సగం కారణం ఆ కోపమే. మిగతా సగం ఒక లెక్క.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. మా కాలేజీ పీడీ, అంటే ఆటలు నేర్పే మాస్టారు, నందిగాం దగ్గర వరి, జీడి ఉన్న రైతు కుటుంబం మనిషి. నన్ను చూస్తే చాలు, ఏదో ఒకటి అనకుండా ఉండలేడు. ఒక ఏడాది నేను పాయిజాన్ విభాజనం చెబుతూ, పుస్తకంలో ఉన్న అచ్చుతప్పుల ఉదాహరణ విసుగెత్తి, దాని బదులు ఫుట్‌బాల్ గోల్స్ చెప్పాను. ఒక జట్టు ఆటకి సగటున ఎన్ని గోల్స్ కొడుతుందో తెలిస్తే చాలు, సున్నా కొట్టే అవకాశం ఎంత, ఒకటి ఎంత, రెండు ఎంత అన్నీ వస్తాయి అన్నాను. ఆ మాట పిల్లల ద్వారా పీడీ గారి చెవిలో పడింది.

"ఏటి మేడం, జోస్యం కూడా సెప్తన్నారంట?" అని స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగాడు.

"జోస్యం కాదు మాస్టారూ. వాన పడొచ్చు అని చెప్పడం. పడుతుందని చెప్పడం కాదు."

ఆ తరవాత రెండు నెలలు ఆయన దాని ఊసెత్తలేదు. డిసెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం మాత్రం నవ్వకుండా వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన చేతిలో గళ్ళ అట్ట ఉన్న పొడుగు పుస్తకం ఉంది. ఆ ఏడాది జోన్ లీగులో ఎనిమిది కాలేజీలు ఆడిన ఆటల ఫలితాలన్నీ అందులో రాసి ఉన్నాయి.

విషయం ఇది. మా జట్టు ఆరు ఆటలు ఆడేసింది. ఏడోది, ఆఖరిది, శుక్రవారం పలాస కాలేజీతో పలాసలో. పట్టికలో మేము వాళ్ళకంటే ఒక్క పాయింటు పైన ఉన్నాం. ఓడకుండా ఉంటే చాలు, ఆట సమమైనా మేమే యూనివర్సిటీ పోటీలకి వెళ్తాం. వెళ్ళిన జట్టులో పేరున్న ప్రతివాడికీ సర్టిఫికెట్ వస్తుంది. దానితో ఆటల కోటాలో ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. మా గోల్‌కీపరుకి అది ప్రాణం.

కీపరు కంచిలి వైపు కుర్రాడు, బీఎస్సీ ఆఖరి ఏడాది, నా క్లాసే. తండ్రి కొబ్బరికాయలు దింపే కూలీ, కిడ్నీ పోయి చనిపోయాడు. మా ఉద్దానంలో ఆ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తల్లి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఆ కుర్రాడికి నెల రోజులుగా పొద్దున్నే కాళ్ళు ఉబ్బుతున్నాయి. ఆట అయ్యాక మేజోళ్ళు తీస్తే, అంచు పడిన చోట వేలు దూరేంత గాడి ఉందని పీడీ గారే చూశాడు. ఊళ్ళో డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, ప్రోటీన్ పోతోంది, విశాఖపట్నంలో కిడ్నీ డాక్టరుకి చూపించమని చీటీ రాశాడు. ఎంతో తిరిగితే అక్కడ తేదీ దొరికింది. ఆ తేదీ కూడా శుక్రవారమే.

"నానొకటి అనుకున్నాను మేడం," అన్నాడు పీడీ గారు. "రెండో కీపరుని పెట్టి ఆడితే మనం ఓడకండా ఉండడానికి సగం పైన అవకాశం ఉందనుకోండి, ఈడిని ఇసాపట్నం పంపీత్తాను. జట్టు నెగ్గుతాది, సర్టిఫికెట్టూ ఒత్తాది, డాక్టరూ సూత్తాడు. సగానికి తక్కువైతే మాత్రం ఆడించక తప్పదు. ఆడి బతుకంతా దాని మీదే ఉంది."

"నా లెక్క మీద అంత భారం పెట్టకండి మాస్టారూ."

"మరి దేని మీద పెట్టమంటారు? నాకైతే ఒకరోజు ఒకలాగ అనిపిత్తంది, ఇంకోరోజు ఇంకోలాగ."

నిజం చెప్పాలంటే నాకు గర్వంగా అనిపించింది. అన్నేళ్ళ పాఠాల్లో నా లెక్కతో ఒక మనిషికి పని పడటం అదే మొదటిసారి. బుధవారం మధ్యాహ్నం క్లాసులు లేని గదిలో కూర్చుందాం రమ్మన్నాను. పీడీ గారు కీపరుని కూడా తీసుకొచ్చాడు. నేను సుద్దముక్క తీసుకుని, ఆ పుస్తకంలోంచి పలాస వాళ్ళ ఆరు ఫలితాలూ ఒకదాని కింద ఒకటి బోర్డు మీద వేశాను. అంతలో ప్రిన్సిపాల్ పిలుస్తున్నాడని ప్యూను వస్తే పీడీ గారు వెళ్ళాడు. గదిలో నేనూ, మొదటి బెంచీలో ఆ కుర్రాడూ మిగిలాం.

లెక్క పెద్ద కష్టమైంది కాదు. ముందు సగట్లు కావాలి. లీగు మొత్తం మీద ఒక జట్టు ఆటకి సగటున ఒకటింబావు గోల్ కొట్టింది. పలాస ఆరు ఆటల్లో పది గోల్స్ కొట్టింది, అంటే 1.67. మా రెండో కీపరు నిలబడిన రెండు ఆటల్లో మూడు గోల్స్ పడనిచ్చాడు, అంటే ఆటకి ఒకటిన్నర. వాళ్ళు కొట్టే సగటుని మేము ఇచ్చే సగటుతో గుణించి లీగు సగటుతో భాగిస్తే, ఆ రోజు వాళ్ళు మా మీద కొట్టగల సగటు వస్తుంది. అది సరిగ్గా రెండు.

మా వైపు కూడా అలాగే. మేము ఆరు ఆటల్లో ఆరు గోల్స్ కొట్టాం, సగటు ఒకటి. పలాస ఆరు ఆటల్లో అయిదే ఇచ్చింది, 0.83. అంటే వాళ్ళ మీద మాకొచ్చే సగటు మూడింట రెండు వంతులు, 0.67.

సగటు దొరికాక మిగిలింది పాయిజాన్ పని. సగటు రెండు అయితే అసలు గోలే పడని అవకాశం 0.1353. ఇది పుస్తకం వెనక పట్టికలో ఉంటుంది. దాన్ని సగటుతో గుణించి ఒకటితో భాగిస్తే ఒక గోల్‌కి అవకాశం, 0.2707. దాన్ని మళ్ళీ సగటుతో గుణించి రెండుతో భాగిస్తే రెండు గోల్స్‌కి, మళ్ళీ 0.2707. మూడుతో భాగిస్తే మూడింటికి, 0.1804. అలా దిగుతూ పోవడమే. మాకూ అలాగే వేసి, గళ్ళు గీశాను. నిలువున మా గోల్స్, అడ్డంగా వాళ్ళవి. మా ఒకటికీ వాళ్ళ ఒకటికీ ఉన్న అవకాశాలు గుణిస్తే 1–1 గడిలో 0.09 పడింది. ఒకళ్ళ గోల్స్‌కీ ఇంకొకళ్ళ గోల్స్‌కీ సంబంధం లేదనుకుంటేనే అలా గుణించొచ్చు, అది కూడా పైకి చెప్పాను. క్లాసు చెబుతున్నట్టే చెప్పాను. ఐమూలగా ఉన్న గళ్ళన్నీ సమం. ఒక పక్కవి గెలుపు. ఆ రెండూ కలిపితే 0.31 వచ్చింది.

కీపరు ఉంటే ఎంతో కూడా వేశాను. అతను నిలబడిన నాలుగు ఆటల్లో ఇచ్చింది రెండే గోల్స్, ఆటకి సగం. అప్పుడు వాళ్ళ సగటు రెండునుంచి 0.67కి పడిపోయింది. ఓడకుండా ఉండే అవకాశం 0.70.

పీడీ గారు తిరిగొచ్చేసరికి రెండు అంకెలకీ సున్నా చుట్టి ఉంచాను. ఆయన బోర్డు వైపు సరిగ్గా చూడను కూడా లేదు.

"ఎంతొచ్చింది మేడం?"

"అతను లేకపోతే నూటికి ముప్ఫయ్యొకటి. ఉంటే డెబ్భై."

ఆయన బల్ల మీది పుస్తకం మూశాడు. తరవాత కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "విన్నావు కదరా. మేడం లెక్క. ఇంకో తేదీ తీసుకుందాం," అన్నాడు. అతను తల ఊపాడు. నేను బోర్డు తుడిచేశాను.

రెండు ఆటల సగటు పట్టుకుని రెండో కీపరు ఇంతేనని తీర్చడం సాహసమని నాకు అప్పుడే తెలుసు. ఆ మాట మాత్రం పైకి అనలేదు. అంటే నా అంకె చిన్నబోతుందని.

శుక్రవారం నేనూ పలాస వెళ్ళాను. ఆటంటే ఏమీ తెలియని నేను ఎండలో గంటన్నర కుర్చీలో కూర్చున్నాను. ఎన్ని దాడులు వస్తాయో, ఎన్ని ఆపుతాడో అని చూస్తున్నాను. ఏమీ రాలేదు. పలాస కుర్రాళ్ళు బంతిని మైదానం సగం దాటించడానికే ఆపసోపాలు పడ్డారు. మా కీపరు బయటికి పోయిన బంతిని తెచ్చి కాలితో తన్నడం తప్ప చేసిన పని లేదు. మధ్యలో ఒకసారి వంగి మేజోళ్ళు కిందికి లాక్కున్నాడు, అది చూశాను. ఆట సున్నా–సున్నా. మా వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి గెంతారు.

బస్టాండు దగ్గర టీ తాగుతూ పీడీ గారు చాలా రోజుల తరవాత నవ్వాడు.

"అనవసరంగా బయపడిపోనాం మేడం. ఆళ్ళకి అంత దమ్ము ఎక్కడిది? ఆరు ఆటల్లో రెండు ఆడకండానే ఒచ్చీసినాయి కదా."

"ఆడకుండా అంటే?"

"ఆ రెండు కాలేజీలూ రానేదు. ప్రాక్టికల్స్ అని సివర్లో జట్టుని పంపడం మానీసినారు. మనం ముందే ఆడీసినాం గాబట్టి మనకి ఆ గొడవ నేదు. అలా రాకపోతే ఒచ్చినోళ్ళకి మూడు–సున్నా రాసీడమే."

"ఆడలేదని పక్కన రాయరా?"

"వాకోవర్ అని రాత్తే యూనివర్సిటీ నుంచి ఆ కాలేజీకి నోటీసు ఒత్తాది. ఆళ్ళ పీడీలు మనోళ్ళే. ఎందుకులే అని అందరం ఆట ఆడినట్టే రాసుకుంటాం. అది అందరికీ తెలిసిందే మేడం."

నాకు తెలియదు. ఆ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి బస్సెక్కాను. టెక్కలి చేరేలోపు టికెట్టు వెనకా, చేతిసంచిలో దొరికిన ప్రార్థన కూటం కరపత్రం వెనకా లెక్క మళ్ళీ వేశాను. ఎవరూ తన్నని ఆరు గోల్స్ తీసేస్తే పలాస నాలుగు ఆటల్లో కొట్టింది నాలుగు, సగటు ఒకటి. ఇచ్చింది నాలుగు ఆటల్లో అయిదు, సగటు ఒకటింబావు. వాళ్ళు కొట్టే బలాన్ని పెంచి చూపింది ఆ మూడు, వాళ్ళ గోల్ కాపలాని గట్టిగా చూపింది ఆ సున్నా. రెండు వైపులా తప్పుదారి పట్టాను. లీగు సగటు ఒకటింబావు దగ్గరే ఉంచి చూస్తే, రెండో కీపరు మీద వాళ్ళకి 1.2, మాకు 1. పట్టిక దగ్గర లేదు, చేత్తోనే వేశాను. ఓడకుండా ఉండే అవకాశం 0.59.

సగం పైన. పీడీ గారు అడిగింది సగం పైనే.

బస్సులో ఏడవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఏడ్చాను. సోమవారం పీడీ గారికి చెబితే ఆయన మొహం నల్లబడింది. "పుస్తకం ఇచ్చినోణ్ణి నాను, నానే సెప్పాల్సింది మేడం," అన్నాడు. చూడకుండా వేసింది నేను అన్నాను. ఆ కుర్రాడికి చెప్పడమా మానడమా అని ఇద్దరం ఆలోచించి, ఎలాగూ జట్టు వెళ్తోంది కదా, ఇంకో తేదీ తీసుకుంటాడు కదా అని ఊరుకున్నాం. అది పిరికితనం. ఇంకో పేరు పెట్టను.

అతను ఇంకో తేదీ తీసుకోలేదు. యూనివర్సిటీ పోటీలు, ఆ తరవాత పరీక్షలు, ఆ తరవాత వేసవిలో జీడి పని. అడిగినప్పుడల్లా ఎళ్తాను మేడం అనేవాడు. సర్టిఫికెట్ వచ్చింది. ఏడాదిన్నర తరవాత ఆటల కోటాలో ఉద్యోగానికి పేరూ వచ్చింది. చేరే ముందు చేసే వైద్య పరీక్షలో తప్పాడు. కిడ్నీలు రెండూ అప్పటికే చాలావరకు పోయాయని ఆ పరీక్షలోనే బయటపడింది. ముందే వస్తే ఆగేదా అని నేను తెలిసిన డాక్టరుని అడిగాను. చెప్పలేను, కొంతకాలం నిలబెట్టేవాళ్ళమేమో అన్నాడు. ఆ 'ఏమో'కి ఏ పట్టికా లేదు.

అతను ఆ తరవాత మూడేళ్ళు బతికాడు. రక్తం శుద్ధి చేయించుకోడానికి వారానికి రెండుసార్లు రైల్లో విశాఖపట్నం వెళ్ళేవాడు. పోయే ముందు ఏడాది వానాకాలంలో నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. కొబ్బరితోటలో రేకుల ఇల్లు. తల్లి పనికి వెళ్ళింది. నన్ను చూసి అతను లేవబోతే వద్దన్నాను. నేనే కుర్చీ లాక్కుని కూర్చుని, ముందే అనుకున్న మాటలు అనుకున్నట్టే చెప్పాను. మూడు–సున్నాల సంగతి, ముప్ఫయ్యొకటి అన్నది నిజానికి యాభై తొమ్మిది అని, ఆ రోజు అతను విశాఖపట్నం వెళ్ళవలసినవాడని. క్షమించమని అడిగాను.

అతను ఆశ్చర్యపోలేదు.

"తెలుసు మేడం."

"ఏం తెలుసు?"

"ఆ రెండూ ఆటలు కావని. మీరు బోర్డు మీద మూడు–సున్నా, మూడు–సున్నా అని ఏసినప్పుడే సూసినాను. జట్టులో అందరికీ తెలుసు."

నాకు ఒళ్ళు మండిపోయింది. జబ్బు మనిషి ముందు కూర్చున్నానని కూడా మరిచాను. "తెలిసీ నోరు మూసుకున్నావా? ఒక్క మాట అనలేకపోయావా? ఏమయ్యా, నీ ప్రాణం కదా అది?" అని అరిచాను. పక్కింటి ఆవిడ తొంగి చూసింది.

అతను దుప్పటి అంచు సర్దుకుంటూ మెల్లగా చెప్పాడు.

"సెప్దామనే లేచినాను మేడం. మీరు ఎనక్కి తిరక్కండానే, కూకో, ఇంకా అవనేదు అని కసిరినారు. కూకున్నాను. కూకున్నాక బయమేసింది. మా నాన్న ఇసాపట్నం ఎళ్ళి మరి తిరిగి రానేదు కదా. ఎళ్ళకపోతేనే మంచిదిలే అనుకున్నాను. ఇంక లెగనేదు."